పెళ్లి చేసుకుంటున్న సహోద్యోగికి బృందం తరఫున కార్డు: చిత్తుప్రతి నుంచి చేతికి అందించే దాకా

కార్డు కొనడం ఐదు నిమిషాల పని. లోపల ఏం రాయాలన్న దగ్గరే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి ఎవరో ఫోనులో వెతికి నాలుగు ప్రాస వాక్యాలు దించేస్తారు, మిగతావాళ్లు కింద సంతకాలు గిలికేస్తారు. అలా కాకుండా మర్యాదగా, ఆప్యాయంగా, ఆఫీసుకు తగినట్టు ఎలా రాయాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి మొత్తం పనిని వరుసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కార్డును మీ సహోద్యోగి ఒక్కరే చదవరు. బహుమతితో పాటు ఇంటికి వెళుతుంది, అత్తగారి ముందో మామగారి ముందో తెరుచుకుంటుంది, పెళ్లికి వచ్చిన చుట్టాల చేతులు కూడా మారుతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ కారణంగా పుట్టినవే.

1. ముందుగా శుభలేఖ చేతిలో ఉండాలి

విన్నది నమ్మి రాయకండి. శుభలేఖ తెచ్చుకుని, లేదా దాని ఫోటో ఫోనులో పెట్టుకుని, ఈ వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి:

- సహోద్యోగి పేరు, శుభలేఖలో ఉన్న అక్షరాలతోనే
- జీవిత భాగస్వామి పేరు, అదే విధంగా
- పెళ్లి తేదీ
- సహోద్యోగి ఆఫీసుకు వచ్చే చివరి రోజు

పేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. శైలజ అని ఉంటుందా, శైలజా అని ఉంటుందా? శ్రావణి పేరులో చివర దీర్ఘం పెట్టుకుంటారా? కొత్తగా ఇంట్లోకి వస్తున్న మనిషి పేరు తప్పు రాస్తే, ఆ కార్డులో ఇంకేమి రాసినా కంటికి ఆనదు.

పేరు ముందుండే ‘చి.’, ‘చి.ల.సౌ.’ మాత్రం శుభలేఖలోనే వదిలేయండి. అవి ఇంటి పెద్దలు పిల్లల పేర్ల ముందు పెట్టే మాటలు. మీతో సమానంగా పనిచేస్తున్న మనిషికి, అందులోనూ మీకంటే పెద్ద హోదాలో ఉన్నవారికి, ఆఫీసు కార్డులో అవి నప్పవు. ‘గారు’ చాలు. అలాగే వధువు పేరుకు వరుడి ఇంటిపేరు మీరే తగిలించకండి. పేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం.

తేదీ విషయంలో ఇంకో చిక్కుంది. మన ముహూర్తాలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. శుభలేఖలో ‘శుక్రవారం రాత్రి 2.36 గంటలకు, తెల్లవారితే శనివారం’ అన్నట్టు వేస్తారు. క్యాలెండర్ ప్రకారం అది శనివారం, పెళ్లివారి మాటల్లో శుక్రవారం. కార్డు మీద ఏది వేసినా ఎవరో ఒకరు తప్పంటారు. నన్నడిగితే సందేశంలో తేదీ, ముహూర్తం వద్దు. గుర్తుగా ఉండాలనుకుంటే కార్డు వెనక నెల, సంవత్సరం వేస్తే సరిపోతుంది.

2. ఎవరు మాట్లాడుతున్నారో ముందే తేల్చుకోండి

బృందం కార్డులో గొంతు ఒక్కటే ఉండాలి. పైన ‘మేము’తో మొదలై కింద ‘కోరుకుంటున్నాను’ అని ముగిసే కార్డులు ఎన్నో చూశాను. ఒకరు రాసి అందరి తరఫున ఇస్తున్నారని అక్కడే తెలిసిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా ‘మేము, మా, కోరుకుంటున్నాము’ అనే రాయండి. ‘మన’ అనే మాటను మాత్రం సహోద్యోగిని కూడా కలుపుకుని చెప్పే చోట వాడండి: ‘మన విభాగంలో’, ‘మన ఆఫీసులో’. ‘మా విభాగంలో మీరు’ అని రాస్తే పెళ్లితో పాటు ఆమెను విభాగం నుంచి కూడా పంపించేస్తున్నట్టు ఉంటుంది.

ఇక ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్న ప్రశ్న. బృందంలో ఆమెను పేరు పెట్టి పిలిచే స్నేహితులు ఉంటారు, మేడమ్ అని పిలిచే కొత్తవాళ్లూ ఉంటారు. ఉమ్మడి సందేశంలో ‘మీరు’, ‘గారు’ వాడండి. చనువున్నవాళ్లు సంతకం పక్కన తమ ధోరణిలో ఒక ముక్క రాసుకోవచ్చు.

ఆశీస్సులు పెద్దలు చిన్నవాళ్లకు ఇచ్చేవి. ‘శతమానం భవతి’, ‘దీర్ఘ సుమంగళీ భవ’ లాంటివి పెళ్లి పీటల దగ్గర పెద్దవాళ్ల నోట బాగుంటాయి. బృందంలో పాతికేళ్లవాళ్లూ ఉంటారు, పదవీ విరమణకు దగ్గరపడినవాళ్లూ ఉంటారు. అందరి తరఫునా చెల్లేది ‘శుభాకాంక్షలు’, ‘అభినందనలు’.

3. సందేశం నిడివి, వరుస

మామూలు మడత కార్డు లోపలి కుడి పక్కన చేతిరాతతో హాయిగా పట్టేది నలభై నుంచి అరవై మాటలు. అంతకు మించితే అక్షరాలు చిన్నవైపోతాయి. ఈ వరుసలో రాయండి:

1. పిలుపు: ‘ఫలానా గారికి’
2. శుభాకాంక్షలు, జీవిత భాగస్వామి పేరుతో కలిపి
3. మీ బృందానికి మాత్రమే తెలిసిన ఒక సంగతి
4. ఇద్దరికీ కలిపి ఒక కోరిక
5. ముగింపు: విభాగం పేరు, సహోద్యోగులు

కార్డుకు ప్రాణం మూడోదే. మిగతా నాలుగూ ఏ కార్డులోనైనా ఉంటాయి, ఉండాలి కూడా. వాటిలో కొత్తదనం కోసం తంటాలు పడకండి. ఆ మూడో వాక్యం కోసం మాత్రం ఆమె పక్క బల్ల దగ్గర కూర్చునేవారిని అడగండి: ‘ఆమె గురించి చెప్పమంటే మీకు మొదట గుర్తొచ్చే రోజేది?’ అని. ‘చాలా మంచి మనిషండీ’ అంటే ఒప్పుకోకండి. ఒక సంఘటన రావాలి.

4. ఒక చిత్తుప్రతిని తీసుకుని సరిదిద్దుదాం

పెళ్లికూతురు కాక ఇంకో పదకొండు మంది ఉన్న అకౌంట్స్ విభాగం అనుకుందాం. పెళ్లికూతురు సుజాత, వరుడు రవికిరణ్. ఎవరో మొదట ఇలా రాశారు:

> హాయ్ సుజాతా! నీకు పెళ్లి కుదిరినందుకు మాకు చాలా సంతోషంగా ఉంది. చివరికి నువ్వూ ఓ ఇంటిదానివి అవుతున్నావు! పిల్లాపాపలతో, అష్టైశ్వర్యాలతో, ఆయురారోగ్యాలతో, పాలూ నీళ్లలా కలిసిపోయి నూరేళ్లు వర్ధిల్లాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పెళ్లయ్యాక మమ్మల్ని మరిచిపోకు. ఆడిట్‌లోపు వచ్చెయ్యాలి సుమా! ఇట్లు, అకౌంట్స్ విభాగం.

రాసినవారి మనసులో చెడు ఏమీ లేదు. అయినా వాక్యం వాక్యానికీ ఒక మేకు ఉంది.

*‘హాయ్ సుజాతా!’* ఒక స్నేహితురాలి పలకరింపు ఇది. పదకొండు మంది ఒకేసారి ఇలా పలకరించరు. ‘సుజాత గారికి’ అని మార్చాలి.

*‘పెళ్లి కుదిరినందుకు’* అన్నది నిశ్చితార్థం నాటి మాట. ఇప్పుడు పెళ్లి జరుగుతోంది. పైగా వరుడి పేరు ఎక్కడా లేదు. కార్డు చదివే ఇద్దరిలో ఒకరిని బయట నిలబెట్టినట్టయింది.

*‘చివరికి నువ్వూ’* అన్న మాటలోని ‘చివరికి’ చూడండి. ఆలస్యమైందని దెప్పినట్టుంది. సంబంధాలు చూసి చూసి అలసిపోయిన కుటుంబానికి ఈ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంటుంది. కొట్టేయాలి.

*‘పిల్లాపాపలతో’* అన్నది పెద్దల దీవెన. పిల్లల విషయం ఆఫీసు కార్డులోకి రాకూడదు. వాళ్ల ఆలోచన ఏమిటో, ఆరోగ్యం ఏమిటో మనకు తెలియదు. ఉద్యోగం చేసే స్త్రీకి అది ఇంకో రకంగా కూడా వినపడుతుంది: ‘ఇక ప్రసూతి సెలవు ఎప్పుడో’ అన్నట్టుగా.

*‘అష్టైశ్వర్యాలతో, ఆయురారోగ్యాలతో, పాలూ నీళ్లలా, నూరేళ్లు’* నాలుగూ మంచి మాటలే, కానీ ఒకే వాక్యంలో కుక్కితే ఒక్కటీ చెవికెక్కదు. ఒక్క కోరిక చాలు.

*‘కోరుకుంటున్నాను’* ఎవరు? గొంతు మారిపోయింది.

*‘ఆడిట్‌లోపు వచ్చెయ్యాలి’* నవ్వులాటకు రాసినదే. అయినా పెళ్లి కార్డులో సెలవు సంగతి ఎత్తితే, మేనేజర్ సంతకం కూడా పక్కనే ఉంటుంది కదా, అది హెచ్చరికలా మిగులుతుంది.

ఇప్పుడు ఆ మూడో వాక్యం వెతకాలి. పక్క బల్ల వాళ్లు చెప్పిన సంగతి: మార్చి నెలాఖరులో లెక్కలు కుదరక అందరూ చేతులెత్తేసిన సాయంత్రం సుజాత పాత వోచర్ల కట్టలన్నీ ముందేసుకుని, ‘ఇక్కడే ఉంటుంది, దొరుకుతుంది’ అంటూ కూర్చుంది, దొరికింది కూడా. సరైన సంగతి ఇదే. దీన్ని మొదట ఇలా రాశారు: ‘మీ ఓర్పు, సహనం మాకు ఆదర్శం.’

ఆగండి. పెళ్లికూతురి కార్డులో ‘ఓర్పు, సహనం’ అని రాస్తే అది అత్తవారికి ఇచ్చే యోగ్యతాపత్రం అవుతుంది. ‘మా అమ్మాయి ఎంతైనా భరిస్తుంది’ అన్నట్టు చదువుకుంటారు. ఆమె చూపించింది పట్టుదల, ధీమా. ఆ మాటలే రాయాలి. పెళ్లికూతుళ్ల కార్డుల్లో అణకువ, సర్దుకుపోవడం అనే పొగడ్తలు ఎక్కడ కనిపించినా తీసేయండి.

సరిదిద్దిన ప్రతి:

> సుజాత గారికి,
>
> రవికిరణ్ గారితో మీ వివాహం జరుగుతున్న ఈ శుభ సందర్భంలో మా అందరి హృదయపూర్వక శుభాకాంక్షలు. మార్చి నెలాఖరున లెక్క కుదరక మేమంతా చేతులెత్తేసిన సాయంత్రం, వోచర్ల కట్టల మధ్య కూర్చుని ‘ఇక్కడే ఉంటుంది, దొరుకుతుంది’ అన్న మీ ధీమాను మేము మరిచిపోలేదు. మీరిద్దరూ ఒకరికొకరు తోడుగా, సంతోషంగా ఉండాలని కోరుకుంటున్నాము.
>
> ఇట్లు,
> అకౌంట్స్ విభాగంలోని మీ సహోద్యోగులు

నలభై ఐదు మాటలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో ఎవరు చదివినా ఇబ్బంది లేదు. రవికిరణ్ చదివితే, తాను పెళ్లి చేసుకుంటున్న మనిషి గురించి తనకు తెలియని సంగతి ఒకటి తెలుస్తుంది. ఇదే సందేశాన్ని పక్క విభాగం వాళ్ల పెళ్లికి వాడాలంటే కుదరదు. సందేశం బాగుందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష కూడా ఇదే: పేరు మార్చి ఇంకొకరికి ఇవ్వగలిగితే, అది ఇంకా పూర్తి కాలేదు.

5. పెళ్లికొడుకు కార్డయితే

పద్ధతి అదే. అక్కడ వచ్చే తప్పులు వేరు. ‘స్వేచ్ఛకు వీడ్కోలు’, ‘ఇక నీ పని అయిపోయింది’, ‘ఇంట్లో బాసు వేరు’ అనే హాస్యం మగవాళ్ల కార్డుల్లోకి తన్నుకొస్తుంది. ఆ కార్డును మొదట తెరిచేది ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడలు కావచ్చు. తన రాకను శిక్షలా వర్ణించిన పదకొండు సంతకాలు ఆమెకు ఏమనిపిస్తాయో ఆలోచించండి. కట్నం గురించి, అత్తవారి ఆస్తి గురించి పరాచికాలు అసలే వద్దు.

6. సందర్భాన్ని బట్టి మార్చుకోవలసినవి

పెళ్లి ఏ పద్ధతిలో జరుగుతోందో తెలియకుండా ‘మూడు ముళ్లు’, ‘ఏడడుగులు’, ‘జీలకర్ర బెల్లం’ అని రాయకండి. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకుంటున్న జంటకు అవేవీ ఉండకపోవచ్చు. ‘మీ వివాహ సందర్భంగా’ అన్న మాట ఎక్కడైనా చెల్లుతుంది.

ముస్లిం సహోద్యోగికి ‘నికా సందర్భంగా శుభాకాంక్షలు’ అని రాయవచ్చు. వలీమా విందుకు మాత్రమే పిలుపు అందితే, అప్పటికి నికా అయిపోయి ఉంటుంది కాబట్టి ‘వివాహం జరిగిన’ అని మార్చుకోవాలి. క్రైస్తవ సహోద్యోగికి ఉమ్మడి సందేశంలో బైబిలు వాక్యం వెతకనవసరం లేదు. విశ్వాసం ఉన్నవారు తమ సంతకం పక్కన రాసుకుంటే అది వారి మాటగా ఉంటుంది.

రెండో పెళ్లి అయితే ‘కొత్త జీవితం’, ‘ఇన్నాళ్లకు’, ‘మళ్లీ’ అనే మాటలు తప్పించండి. సందేశం మిగతా అందరికీ రాసినట్టే ఉండాలి. అంతకు మించిన మర్యాద లేదు. కులాంతరమైనా, ప్రేమ పెళ్లి అయినా అదే మాట. ‘పెద్దలను ఒప్పించి’ అని మెచ్చుకోలుగా రాసినా, ఇంట్లో మానుతున్న గాయాన్ని మీ కార్డు కెలుకుతుంది.

భాగస్వామికి తెలుగు చదవడం రాకపోతే, వారి పేరు ఒక్కదాన్ని వారికి వచ్చిన లిపిలో కూడా రాయించండి. హైదరాబాదు లాంటి చోట ఆఫీసులోనే ఆ భాష వచ్చినవారు ఎవరో ఒకరు దొరుకుతారు.

7. కార్డు, కలం, సంతకాలు

నున్నగా మెరిసే కార్డు చూడటానికి బాగుంటుంది కానీ దాని మీద జెల్ పెన్ను సిరా త్వరగా ఆరదు. తరవాత సంతకం పెట్టేవారి చేయి తగిలి అలుక్కుపోతుంది. లోపలి పక్క గరుకుగా ఉన్న కార్డు తీసుకోండి, లేదా బాల్ పెన్ను వాడండి. ముందుగా కార్డు వెనక ఒక మూలలో గీత గీసి, పది సెకన్లాగి వేలితో రుద్ది చూస్తే సంగతి తెలిసిపోతుంది.

వరుస ఇలా ఉంటే గందరగోళం ఉండదు:

- పెన్సిల్‌తో పలచగా గీతలు గీసుకోవాలి
- బృందంలో చేతిరాత బాగున్న ఒకరు సందేశం మొత్తం రాయాలి
- సిరా ఆరాక గీతలు చెరపాలి
- తరవాతే కార్డు బల్ల బల్లకూ తిరగాలి

సంతకాలు ముందు పెట్టించి సందేశం తరవాత రాద్దామనుకుంటే, మొదటి ముగ్గురే సగం కార్డు ఆక్రమిస్తారు. ఎడమ పక్క పేజీ సంతకాలకు వదిలి, కింది నుంచి పైకి పెట్టమని చెప్పండి. బ్యాంకు చెక్కు మీద పెట్టే సంతకం కాకుండా, చదవగలిగేలా పేరు రాయమనండి. పదేళ్ల తరవాత ఆ మెలికల గీతలు ఎవరివో వాళ్లకు గుర్తుండదు.

వేరే ఊళ్లో ఉండి పనిచేసేవారి నుంచి ఒక్క వాక్యం ఫోనులో తెప్పించుకుని, కార్డులో రాసి, వారి పేరు వేయండి. వారి సంతకం మాత్రం మీరు పెట్టకండి.

సందేశాన్ని అచ్చు వేయించాలనుకుంటే ఒక హెచ్చరిక. చాలా ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు వాడుతున్నారు. మీరు ఫోనులో పంపిన పాఠాన్ని వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, అప్పుడు వత్తులు జారిపోతాయి. ‘హృదయపూర్వక’, ‘సహోద్యోగులు’ అన్న మాటలనూ, రెండు పేర్లనూ ప్రూఫులో అక్షరం అక్షరం చూడండి. పాఠానికి బదులు పీడీఎఫ్ పంపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

చందాల లెక్క, ఎవరు ఎంత ఇచ్చారన్నది కార్డులోకి రాకూడదు. నగదు ఇస్తుంటే, నూట పదహార్లయినా వెయ్యి నూట పదహార్లయినా, వేరే కవరులో పెట్టండి. చందా ఇవ్వని మనిషి కూడా కార్డు మీద సంతకం పెట్టవచ్చని అందరికీ ముందే చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల మొహం చాటేసేవాళ్లు ఉంటారు.

8. తప్పు దొర్లితే

- పేరు తప్పు పడింది: దిద్దకండి, వైట్నర్ పూయకండి. కొత్త కార్డు తెచ్చి మళ్లీ రాయండి. సంతకాలు ఎడమ పేజీలో అప్పటికే ఉంటే, సరైన సందేశాన్ని మంచి కాగితం మీద రాసి కుడి పేజీకి సరిగ్గా కత్తిరించి అంటించవచ్చు.
- ఒకరి సంతకం మరిచిపోయారు: కార్డు కవరులో పెట్టే ముందు బృందం జాబితాతో సరిచూడండి. అప్పటికే ఇచ్చేసి ఉంటే, ఆ మనిషి విడిగా చిన్న చీటీ రాసి ఇస్తే చాలు.
- ఎవరో అసభ్యమైన జోకు రాసేశారు: బతిమాలి ఒప్పించి, ఆ చోట చిన్న అలంకార కాగితం అంటించండి. గీతలు కొట్టేస్తే కింద ఏముందో చదవాలన్న కుతూహలం పెరుగుతుంది.
- పెళ్లి వాయిదా పడింది: కార్డు ఇవ్వకుండా దాచండి. కారణం అడగకండి. తేదీ వేయవద్దని నేను అన్నది ఇలాంటి సమయంలోనే అక్కరకొస్తుంది.

9. ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

సెలవు మీద వెళ్లే చివరి రోజున, మధ్యాహ్న భోజనం తరవాత ఇవ్వండి. సాయంత్రం దాకా ఆగితే వాళ్లు పనులు అప్పగించే హడావుడిలో ఉంటారు, బస్సుకో రైలుకో టైమవుతుంటుంది. పెళ్లికూతుర్ని చేసే కార్యక్రమం పెళ్లికి కొన్ని రోజుల ముందే ఉంటుంది కాబట్టి ఆ చివరి రోజు మీరనుకున్న దానికంటే ముందే వస్తుంది. ముందే కనుక్కోండి.

పెళ్లి మండపంలో వేదిక మీద ఇవ్వడం నాకు నచ్చదు. అక్కడ ఫోటో దిగి దిగగానే కార్డు బహుమతుల గుట్టలోకి చేరుతుంది, కవరు మీద పేరు లేకపోతే ఎవరిచ్చారో కూడా తెలియదు. అక్కడే ఇవ్వక తప్పకపోతే కవరు మీద విభాగం పేరు పెద్దగా రాసి, సహోద్యోగి తోబుట్టువులెవరి చేతికైనా అందించండి.

శ్రావణం, మాఘం లాంటి నెలల్లో ఒకే బృందంలో రెండు మూడు పెళ్లిళ్లు పడుతుంటాయి. అప్పుడు కార్డు పరిమాణం, బహుమతి విలువ అందరికీ ఒకటే ఉండేలా చూడండి. సందేశాలు మాత్రం వేరువేరుగా ఉండాలి. ఇద్దరూ కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు, తప్పకుండా.

ఇచ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు. సందేశాన్ని గట్టిగా చదివి వినిపించాలా అని చాలామంది అడుగుతారు. సిగ్గరి మనిషైతే వద్దు, కార్డు చేతికిచ్చి మిఠాయి పెట్టెలు తెరవండి. కలుపుగోలు మనిషైతే బృందంలో అందరికంటే కొత్తగా చేరినవారితో చదివించండి. మేనేజర్ చదివితే అది వీడ్కోలు సభలా మారిపోతుంది.